గల్లా పెట్టెలో డబ్బంతా నీది కాదు

తెనాలి,
11-8-2024.

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "మావాడు నెలకు 3 లక్షల 60 వేలు సంపాదిస్తున్నాడు తమ్ముడూ" అంది. మీ వీధిలో ఈపాటికి ఎంతమందికి చెప్పిందో! ఆ సాయంత్రమే నువ్వూ ఫోన్ చేసి, లక్ష్మీపురంలో రెండో టిఫిన్ సెంటరుకు 2 లక్షలు అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నానన్నావు. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అంటావని తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కౌంటరు దగ్గర కాకుండా మధ్యాహ్నం కొట్టు కట్టేశాక చదువు.

జూలైలో నువ్వు రాసుకున్నది 3,60,000. అది అమ్మకం, సంపాదన కాదు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బిల్లులన్నీ కూర్చుని లెక్కేశాను. మినపగుళ్లు, రవ్వలు, నూనె, పల్లీలు, కొబ్బరి, పాలు, కూరగాయలు కలిపి 1,58,000. జీతాలు 62,000, అందులో దోసె మాస్టరు ఒక్కడిదే 25,000. గ్యాసు 26,000. అద్దె 22,000. ప్లేట్లు, కవర్లు 9,500. కరెంటు, నీళ్లు 7,500. ఫోన్లో ఆర్డర్లు తెచ్చిపెట్టే కంపెనీకి కమీషను, దాని మీద జీఎస్టీతో కలిపి 15,500. ఇవన్నీ పోతే మిగిలింది 59,500.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. గ్రైండరు, పొయ్యిలు, పెనాలు, ఫ్రిజ్, బల్లలు కలిపి 4,20,000 పెట్టావు. ఆ గ్రైండరు రోజూ పిండి రుబ్బుతూ ఎన్నేళ్లు ఉంటుంది? అయిదేళ్లు వస్తాయనుకుందాం. అంటే నెలకు 7,000 చొప్పున అరిగిపోతోంది. ఈ ఖర్చుకు బిల్లు రాదు, అందుకే ఎవరూ రాసుకోరు. అయిదో ఏడు కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం అప్పు చేస్తారు. బ్యాంకు వడ్డీ ఇంకో 4,000. వాయిదాలో అసలు కింద కట్టేది ఖర్చు కాదు, నీ అప్పు తీరుతోందంతే. కానీ అదీ ఈ మిగులులోంచే పోవాలి. ఇంటి యజమానికిచ్చిన అడ్వాన్సు కూడా ఖర్చు కాదు, ఖాళీ చేసినప్పుడు తిరిగొస్తుంది (ఆయన మంచివాడైతే).

ఇక మిగిలింది 48,500. ఇదీ నీ లాభం.

ఇంకో మాట చెబితే కోపం వస్తుందేమో. పాత ఉద్యోగంలో నీకు నెలకు 32,000 వచ్చేది. ఇప్పుడు తెల్లారి మూడున్నరకే లేచి కొట్టుకు పోతున్నావు. ఆ చాకిరీకి కనీసం పాత జీతం కట్టుకున్నా, ఈ కొట్టు నీకు అదనంగా ఇస్తోంది 16,500. మొదటి నెలకు ఇది చాలా మంచి లెక్క, నిజంగానే అంటున్నాను. కానీ మీ అమ్మ చెప్పే 3,60,000కీ దీనికీ మధ్య ఎంత దూరముందో చూడు. రెండో కొట్టు అడ్వాన్సు ఈ 16,500లోంచి రావాలంటే ఏడాది పడుతుంది.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1994లో మా పచారీ కొట్టు ముందు పొద్దున్నే జనం కిటకిటలాడేవాళ్లు. ఎందుకంటే పంచదార బజారులో అందరికన్నా తక్కువకి ఇచ్చేవాణ్ణి. కిలో 13 రూపాయలకు కొని 13 రూపాయల 10 పైసలకు అమ్మేవాణ్ణి. బస్తాకు 10 రూపాయలు మిగులుతాయని నా లెక్క. కానీ 100 కిలోల బస్తా పొట్లాలు కట్టేసరికి 99 కిలోలే తేలేది. చీమలు, కింద ఒలికింది, మొగ్గు చూపించి తూచింది, అన్నీ కలిసి ఆ కిలో పోయేది. అంటే 1,300 పెట్టి కొన్నదానికి 1,296 రూపాయల 90 పైసలు వచ్చేవి. కాగితం, పురికొస నా చేతిదే. ఎన్ని బస్తాలు అమ్మితే అంత నష్టం! గల్లా మాత్రం నిండుగా ఉండేది కాబట్టి నాకు తెలియలేదు. అందులోంచే తీసి మేడ మీద గది శ్లాబు వేశాను. నూనె డబ్బాల షావుకారు బాకీ అడగడానికొచ్చిన రోజున గల్లాలో చిల్లరే ఉంది. మీ అత్తయ్య గాజులు ఏడాదిన్నర బ్యాంకులోనే ఉన్నాయి.

నీ పంచదార ఆ మసాలా దోసె. దాని మీద 20 శాతం డిస్కౌంటు పెడితే ఆర్డర్లు రెట్టింపవుతాయని ఆ కంపెనీ కుర్రాడు చెప్పాడన్నావు. అవుతాయి, కాదనను. లెక్క చూడు. దోసె 60 రూపాయలు. సరుకు 27, గ్యాసు, ప్యాకింగు 8. కౌంటరులో అమ్మితే 25 మిగులుతుంది. అదే ఫోన్ ఆర్డరైతే 22 శాతం కమీషను, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 15 రూపాయల 60 పైసలు పోతాయి, 9 రూపాయల 40 పైసలు మిగులుతాయి. డిస్కౌంటిచ్చి 48కి అమ్మితే కమీషను 12న్నరకు తగ్గుతుంది, నీకు మిగిలేది అర్ధ రూపాయి. అద్దె, జీతాలు ఆ అర్ధ రూపాయిలోంచి కట్టుకో మరి! మాస్టరు చేతులు నొప్పెట్టేలా దోసెలు పోస్తాడు, అమ్మకం 5 లక్షలు దాటుతుంది, మీ అమ్మ ఇంకో నలుగురికి ఫోన్ చేస్తుంది.

హాస్టల్ పిల్లల నెల ఖాతా 28,000 ఇంకా రాలేదు కదా. దాన్ని అమ్మకంలో రాశావు, రాయాల్సిందే. కానీ కాగితం మీద లాభముండి కూడా పాలవాడికి ఇవ్వడానికి చేతిలో లేకపోవచ్చు. వచ్చే నెల నుంచి పదో తారీఖు దాటనివ్వకు.

పన్నుల సంగతి కూడా విను. ప్రభుత్వం ఒకచోట నీ అమ్మకం చూస్తుంది, ఒకచోట లాభం చూస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషనుకు హోటలు వాళ్లకు హద్దు ఏడాదికి 20 లక్షల అమ్మకం. నువ్వు లాభపడ్డావా నష్టపోయావా అని అడగరు. నీ లెక్కన డిసెంబరులో దాటేస్తావు. దాటాక కౌంటరు అమ్మకం మీద 5 శాతం కట్టాలి, సరుకు మీద నువ్వు కట్టిన పన్ను వెనక్కి రాదు. రేటు పెంచకపోతే అది నీ 48,500లోంచే కోత. ఆదాయపు పన్ను మాత్రం లాభం మీద. పుస్తకాలు పూర్తిగా రాయని చిన్న వ్యాపారికి అమ్మకంలో కనీసం 8 శాతం, యూపీఐలాగా బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం లాభంగా చూపించుకునే వీలుంది. అంటే 100కి ఆరో ఎనిమిదో మిగిలితే సంసారపక్షపు వ్యాపారమేనని చట్టం కూడా అనుకుంటోందన్నమాట. నీకు 13కు పైన మిగిలింది. అందుకే మంచి లెక్క అన్నాను.

బండి కొనాలనుకుంటే కొట్టు డబ్బుతో కొనకు. ఒకటో తారీఖున జీతం కింద 32,000 నీ ఖాతాలో వేసుకో, బండి వాయిదా అందులోంచి కట్టు. కొట్టు ఖాతా వేరే ఉండాలి. మీ అమ్మ కూరగాయలకు గల్లాలోంచి 200 తీసుకున్నా చిట్టాలో రాయి, మొహమాటపడకు.

వచ్చే ఆదివారం పొద్దున ప్యాసింజరుకు వస్తున్నాను. ఆగస్టులో ఏ రోజు ఎన్ని కిలోల పప్పు నానబోశారో, ఎన్ని ప్లేట్లు అమ్మారో, రాత్రికి ఎంత పిండి పారబోశారో రాసి పెట్టు. బిల్లులు మేకుకు గుచ్చి ఉంచు. లక్ష్మీపురం ఆయనకు అప్పటిదాకా ఏమీ ఇవ్వకు. అల్లం పచ్చడిలో బెల్లం కొంచెం తగ్గించమని మాస్టరుకు చెప్పు, పోయినసారి బాగా తీపైంది.

మీ అత్తయ్య గోంగూర పచ్చడి కడుతోంది. అది అమ్మకానికి కాదు.

ఇట్లు,
మీ మామయ్య