ఆగస్టు జీతం స్లిప్పులోని వరుసలు: మావయ్య గారి పరిశీలనకు

మావయ్య గారికి నమస్కారములు.

మీరు అడిగిన స్లిప్పు ఫోటో ఇక దొరకదు. ఫోన్ తెర పనిచేయక సర్వీసు సెంటరులో ఇస్తే, బాగుచేసే క్రమంలో అందులో ఉన్నదంతా చెరిపివేశారు. మా కంపెనీలో స్లిప్పును సెక్షను కంప్యూటరులోనే చూడాలి, కాగితంపై ఇవ్వరు. అదృష్టవశాత్తు స్లిప్పు చూసిన రాత్రే అంకెలన్నీ డైరీలో ఎక్కించి పెట్టుకున్నాను. వాటినే స్లిప్పులో ఉన్న వరుసలో ఇక్కడ టైపు చేస్తున్నాను. ఆ తరువాత ఒక్కో వరుస గురించి నాకు తెలిసినదీ, నేను లెక్క కట్టి చూసినదీ రాశాను. తప్పు ఉన్నచోట మీరు సరిదిద్దగలరు.

నెల: ఆగస్టు 2025. నెలలో రోజులు 31, జీతం ఇచ్చిన రోజులు 30, జీతం లేని సెలవు 1. మిగిలి ఉన్న సెలవులు 2.

రాబడి (కుడివైపు అంకె ఈ నెల నిజంగా ఇచ్చినది)
మూల వేతనం: 12,400 – 12,000
ఇంటి అద్దె భత్యం: 4,960 – 4,800
మెడికల్ అలవెన్సు: 1,550 – 1,500
స్పెషల్ అలవెన్సు: 3,410 – 3,300
నైట్ షిఫ్టు అలవెన్సు: 600
మొత్తం రాబడి: 22,200

కోతలు
ప్రావిడెంట్ ఫండ్: 1,800
ఈఎస్ఐ: 167
వృత్తి పన్ను: 200
క్యాంటీన్: 520
అడ్వాన్సు రికవరీ: 1,000
ఆదాయపు పన్ను: 0
మొత్తం కోత: 3,687
చేతికి వచ్చినది: 18,513

ఈఎస్ఐ అంకె డైరీలో 161 లాగానూ 167 లాగానూ కనిపించింది. 161 అనుకుంటే చేతికి 18,519 రావాలి. బ్యాంకు యాప్‌లో 4వ తేదీన జమైనది మాత్రం 18,513 కనుక 167 అని ఖాయం చేసుకున్నాను. మొత్తం రాబడిలో 0.75 శాతం 166.50 అవుతుంది, పైసలను పై రూపాయికి సర్ది కోస్తారు కనుక ఆ లెక్క కూడా సరిపోయింది.

రాబడి వైపు నాకు పెద్దగా తికమక లేదు. మొదటి నాలుగు వరుసల పూర్తి మొత్తం 22,320. దాన్ని 31తో భాగిస్తే రోజుకు 720, కోసినదీ సరిగ్గా అంతే. నెలకు 26 పనిదినాలని 26తో భాగించి ఉంటే 858 పోయేది, కాబట్టి ఈ విషయంలో నాకు మేలే జరిగింది. నైట్ షిఫ్టులు ఆరు చేశాను, ఒక్కొక్కదానికి 100 చొప్పున 600 వచ్చింది. నా సందేహమల్లా ఆ ఒక్క రోజు గురించే. 18వ తేదీ సోమవారం జ్వరంతో పడుకుని, ఉదయం ఏడింటికే సూపర్‌వైజరు గారికి ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు సెలవు చీటీ కూడా ఇచ్చాను. ఖాతాలో రెండు సెలవులు మిగిలి ఉన్నాయని అదే స్లిప్పు చెబుతుండగా ఆ రోజును జీతం లేని సెలవుగా ఎందుకు రాశారో అర్థం కాలేదు. చీటీ కంప్యూటరులోకి ఎక్కలేదేమోనని నా అనుమానం. బిల్లు సెక్షనులో పనిచేసినప్పుడు ఇలాంటివి మీ దగ్గరకు వచ్చే ఉంటాయి. మరుసటి నెల జీతంలో దాన్ని బకాయిగా కలిపి ఇచ్చే పద్ధతి ఉంటుందా?

మెడికల్ అలవెన్సు చూసి, మందుల బిల్లులు పెట్టాలేమోనని మొదట భయపడ్డాను. బిల్లులతో నిమిత్తం లేకుండా నెలనెలా వస్తోంది కనుక అది పేరుకు మాత్రమే మెడికల్ అనీ, జీతంలో భాగమేననీ అర్థం చేసుకున్నాను.

ఇక నన్ను రెండు రోజులు కూర్చోబెట్టినది ప్రావిడెంట్ ఫండ్. మూల వేతనంలో 12 శాతం అని అందరూ అంటారు. 12,000లో 12 శాతం 1,440 కావాలి కానీ కోసినది 1,800. వెనక్కి లెక్క కడితే 15,000 మీద కోసినట్టు తేలింది, స్లిప్పులో ఆ 15,000 ఎక్కడా లేదు. మా సెక్షనులో ఒక సీనియరు చెప్పినదాని ప్రకారం, అందరికీ ఒకే తీరున ఇచ్చే స్పెషల్ అలవెన్సు వంటివాటిని కూడా మూల వేతనంతో కలపాలట, ఇంటి అద్దె భత్యాన్ని మాత్రం కలపరట. అలా కలిపితే 12,000, 1,500, 3,300 మొత్తం 16,800 అవుతుంది. చట్టం పెట్టిన పరిమితి 15,000 కనుక అక్కడితో ఆపి కోశారన్నమాట. జూలైలో జీతం తక్కువగా ఉన్నా కోత 1,800గానే ఉండడానికి కారణం కూడా ఇదే అయి ఉండాలి. ఇది నిజమైతే నాకు అభ్యంతరం లేదు, దాచిన సొమ్ము ఎక్కడికీ పోదు కదా.

స్లిప్పు అడుగున యాజమాన్యం వాటా అని చిన్న అక్షరాలతో మూడు అంకెలు ఉన్నాయి: ప్రావిడెంట్ ఫండ్ 550, పెన్షన్ 1,250, ఈఎస్ఐ 722. నాది 1,800 అయితే వాళ్లది 550 మాత్రమేనా అని మొదట అనిపించింది. పెన్షనుకు వెళ్లిన 1,250 కలిపితే వాళ్లదీ 1,800 అవుతుందని తరువాత తట్టింది. 15,000లో 8.33 శాతం ఆ 1,250. అయితే ఉద్యోగం మారితే ఈ పెన్షన్ భాగం కూడా ఫండుతో పాటు నా వెంట వస్తుందా, వేరుగా నడుస్తుందా అన్నది మీరు విడమరచి చెప్పాలి.

ఈఎస్ఐ విషయంలో ఇంకో ముడి ఉంది. జూలై వరకు నా జీతం 19,840. ఆగస్టులో పెరిగి 21,000 పరిమితి దాటింది. దాటినా కోస్తున్నారేమిటని అడిగితే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక విడత అనీ, విడత మధ్యలో జీతం పెరిగినా అది ముగిసేదాకా కోత ఆగదనీ చెప్పారు. ఆ లెక్కన అక్టోబరు జీతం నుంచి ఈ 167 ఉండదు. ఆ తరువాత కూడా అమ్మకు ఈఎస్ఐ ఆసుపత్రిలో మందులు ఎంతకాలం ఇస్తారో తెలుసుకోవడం నాకు ఆ 167 రూపాయలకన్నా ముఖ్యం.

వృత్తి పన్ను జూలైలో 150, ఇప్పుడు 200. తెలంగాణలో జీతం 20,000 దాటితే 200 అని తెలుసు కనుక దానిపై ప్రశ్న లేదు. ఆదాయపు పన్ను గడిలో సున్నా ఉంది, నా సంవత్సర జీతానికి అంతే ఉండాలి.

క్యాంటీను లెక్క మాత్రం నాకు నచ్చలేదు. భోజనానికి 20 రూపాయలు. ఆగస్టులో ఆదివారాలు ఐదు, స్వాతంత్ర్య దినోత్సవం ఒకటి, నా జ్వరం ఒక రోజు తీసివేస్తే పనిచేసినది 24 రోజులు, అంటే 480 కావాలి. 520 కోశారు. వచ్చినా రాకపోయినా అందరికీ 26 భోజనాలు వేసినట్టున్నారు. నలభై రూపాయలకు గొడవేమిటని మిత్రులు నవ్వుతున్నారు కానీ, తిననిదానికి కట్టడం నాకు రుచించలేదు.

అడ్వాన్సు మీకు తెలిసినదే, గది డిపాజిట్ కోసం జూన్‌లో తీసుకున్న 5,000. నెలకు 1,000 చొప్పున ఇది రెండో వాయిదా. మిగిలినది 3,000 అని స్లిప్పులో ఎక్కడా చూపలేదు. దాన్ని కాగితంపై రాయించి తీసుకోవడం మంచిదా?

బుధవారం నాకు మధ్యాహ్నం షిఫ్టు కనుక ఉదయం తొమ్మిది గంటల వేళ ఫోన్ చేస్తాను. జీతం లేని సెలవు, క్యాంటీను గురించి ఆఫీసులో నోటితో అడగాలో, దరఖాస్తు రాసి ఇవ్వాలో ముందు ఆ రెండింటికీ సమాధానం చెప్పండి, మిగిలినవి తీరికగా మాట్లాడుకుందాం. అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ మేనల్లుడు,
రవి
పటాన్‌చెరు, 7 సెప్టెంబరు 2025