మీ బిల్లు రూ.60,000, ఖాతాకు రూ.54,000: టీడీఎస్ వివరం

నమస్కారం మేడమ్.

రేణిగుంట రోడ్డు లాడ్జి ప్లాన్లకు మీ బిల్లు రూ.60,000. 2025 డిసెంబరు 18న మీ చిత్తూరు ఖాతాకు వేసింది రూ.54,000. మిగతా రూ.6,000 మీ ఫీజులో కోత కాదు. ఆర్కిటెక్టు ఫీజుపై 10 శాతం టీడీఎస్ పట్టుకోవడం మా బాధ్యత. దాన్ని మీ పాన్ నంబరు మీద జనవరి 7లోగా ఆదాయపు పన్ను శాఖకు కడతాం. అంటే అది మీరు ముందుగా కట్టిన పన్నే.

రిటర్నులో మాత్రం ఆదాయం పూర్తిగా రూ.60,000 చూపించండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ రూ.6,000 మీ పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే రిఫండు వస్తుంది.

టీడీఎస్ ధ్రువపత్రమైన ఫారం 16ఏ ఫిబ్రవరి 15లోగా పంపుతాం. ఆ తర్వాత కూడా మీ పాన్ మీద జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో ఈ మొత్తం కనిపించకపోతే వెంటనే ఫోను చేయండి.

అకౌంట్స్ విభాగం, తిరుపతి