అద్దె ఇంటి బాల్కనీకి కొత్త రూపు: పిన్ శీర్షికలు, వివరణలు

పిన్ 1
శీర్షిక: బెంగళూరు అద్దె ఇంటి బాల్కనీ, 6,200 రూపాయల్లో: ముందు, తర్వాత
వివరణ: తొమ్మిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ఈ బాల్కనీలో నిన్నమొన్నటి వరకు బట్టల దండెం, ఖాళీ సిలిండరు, పాత అట్టపెట్టెలు తప్ప మరేమీ ఉండేవి కావు. గోడకు ఒక్క మేకు కూడా కొట్టవద్దని ఇంటి యజమాని చెప్పడంతో, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లగలిగిన వస్తువులతోనే దీనిని తీర్చిదిద్దాము. నేలకు 2,160, మొక్కలకు 900, వెదురు తెరకు 750, బల్లకు 700, కుండీలకు 650, మట్టి మిశ్రమానికి 540, దీపాలకు 350, కుట్టుకూలికి 150 రూపాయలు ఖర్చయ్యాయి. దండెం మాత్రం అలాగే ఉంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో దానిని తీసేయడం అయ్యే పని కాదు.

పిన్ 2
శీర్షిక: సగం నేలకే డెక్ టైల్స్, సగం ఖర్చుతో పూర్తి మార్పు
వివరణ: బడ్జెట్ చిన్నదైతే ముందుగా నేల మీదే ఖర్చు పెట్టండి, ఎందుకంటే తలుపు తీయగానే కంటికి కనిపించేది అదే. అడుగు చదరంగా ఉండే, ఒకదానిలో ఒకటి చేత్తో నొక్కి బిగించే డెక్ టైల్స్‌ను ఒక్కొక్కటి 120 రూపాయల చొప్పున పద్దెనిమిది తీసుకుని, కూర్చునే సగభాగంలో మాత్రమే పరిచాము. వీటి అడుగున చిన్న ప్లాస్టిక్ కాళ్లు ఉండటం వల్ల నీరు కింది నుంచి పారిపోతుంది. అయినా నీరు పోయే తూము దగ్గర టైల్స్ పరచకపోవడం మంచిది, అక్కడ చేరే ఆకులను చేత్తో తీయవలసి ఉంటుంది. కృత్రిమ గడ్డి చవకే గాని, పడమటి ఎండకు కాలు పెట్టలేనంతగా వేడెక్కుతుంది.

పిన్ 3
శీర్షిక: పడమటి ఎండకు వెదురు తెర, డ్రిల్లింగ్ లేకుండా
వివరణ: సాయంత్రపు ఎండ సూటిగా పడే బాల్కనీలకు చుట్టి పైకి కట్టుకునే వెదురు తెర చక్కగా సరిపోతుంది. పై కర్రను బాల్కనీ గ్రిల్లుకు నాలుగు చోట్ల కేబుల్ టైలతో బిగించి, గాలికి కొట్టుకోకుండా కింది కొనలను నూలు తాడుతో రెయిలింగుకు కట్టాము.

పిన్ 4
శీర్షిక: ఎండకు మల్లె, నీడకు మనీ ప్లాంట్: 900 రూపాయల బాల్కనీ తోట
వివరణ: మొక్క కొనే ముందు బాల్కనీలో ఎండ ఏ మూలన ఎన్ని గంటలు ఉంటుందో గమనించండి. రెయిలింగు పక్కన మల్లె, తులసి, నాచుపూలు పెట్టి, తెర వెనుక నీడలో మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఉంచాము. లాల్‌బాగ్ సమీపంలోని సిద్దాపుర నర్సరీలలో చిన్న మొక్కలు తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, కాకపోతే తిరుగు ఆటోకు అడిగే ధరను కూడా లెక్కలో వేసుకోవాలి. మట్టి కుండీలు పాటరీ టౌన్‌లో కొన్నవి. వాటిపై కొన్నాళ్లకు ఏర్పడే తెల్లని ఉప్పు చారలు చూడటానికి బాగానే ఉన్నాయనిపించి, రంగు వేయలేదు.

పిన్ 5
శీర్షిక: బాల్కనీ కుండీలకు తేలికైన మట్టి మిశ్రమం
వివరణ: ఎర్రమట్టి ఒక్కటే నింపితే తడిసినప్పుడు కుండీ బరువెక్కుతుంది, ఆరినప్పుడు గట్టిపడి వేళ్లకు గాలి అందదు. అందుకే ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చాము. కోకోపీట్ ఇటుకను బకెట్ నీటిలో నానబెట్టి, అది ఉబ్బి విడిపోయాక ఒకటి రెండు సార్లు కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది.

పిన్ 6
శీర్షిక: పండ్ల పెట్టెలతో బల్ల, పాత మంగళగిరి చీరతో దిండ్లు
వివరణ: పండ్ల మండీలో దొరికే చెక్కపెట్టెలు రెండు తెచ్చి, పైకి లేచిన మేకు తలలను సుత్తితో లోపలికి దించి, ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిష్ వేసి పక్కపక్కనే బోర్లించాము. అమ్మ కట్టి పక్కన పెట్టిన మంగళగిరి నూలు చీర అంచు దిండు గలీబుల మధ్యకు వచ్చేలా దర్జీ కుట్టి ఇచ్చారు. బయట కొనే దిండు ధరలో దీనికి పదో వంతు కూడా కాలేదు.

పిన్ 7
శీర్షిక: సాయంత్రపు కాఫీకి పసుపు వెలుగు దీపాల తోరణం
వివరణ: మూడు వేల కెల్విన్ లోపు ఉండే పసుపు వెలుగు దీపాలు తీసుకోండి. తెల్లని వెలుగు కింద ఎంత అందమైన బాల్కనీ అయినా మందుల దుకాణంలా కనిపిస్తుంది.

పిన్ 8
శీర్షిక: వానాకాలంలో బాల్కనీ సంరక్షణ
వివరణ: బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లోనే ఉరుముల వానలు మొదలవుతాయి కాబట్టి దిండ్లను జిప్పు ఉన్న సంచిలో పెట్టి లోపలికి చేర్చే అలవాటు ముందుగానే చేసుకోండి. కుండీల కింది పళ్లాలలో నిలిచిన నీటిలో డెంగ్యూ దోమలు గుడ్లు పెడతాయి, వారం పది రోజుల్లోనే అవి దోమలవుతాయి. కనుక వారానికి రెండు సార్లు పళ్లాలను ఒంపి, అంచులను పీచుతో రుద్ది కడగాలి. వాన ఎక్కువగా ఉన్న వారాల్లో పళ్లాలను పూర్తిగా తీసివేయడమే మేలు. అయితే కింది అంతస్తు వారి బట్టలపై నీరు కారకుండా కుండీలను రెయిలింగుకు లోపలి వైపే ఉంచండి.