భాగస్వామ్య దావా: వకీలు, క్లయింటు మధ్య ఒప్పంద లేఖ

తేదీ: 12 జనవరి 2026

సుజాత గారికి,

నమస్కారం. మీ నాన్నగారి ఆస్తిలో మీ వాటా కోసం దావా వేయమని మొన్న ఆఫీసుకు వచ్చి నాకు కేసు అప్పగించారు. నేను ఏ పని చేస్తానో, ఏది చేయనో, ఎంత తీసుకుంటానో ఈ ఉత్తరంలో రాశాను. మాటల్లో మనం ఏమనుకున్నా, ఇకపై ఇందులో ఉన్నదే లెక్క. తీరిగ్గా చదవండి, అర్థం కానిచోట గీత గీసుకుని తీసుకురండి. తొందరేం లేదు. మీరు సంతకం చేశాకే వకాల్తా దాఖలు చేస్తాను.

నేను చేసే పని

మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయారని, ఇల్లు, రెండెకరాల పొలం ఆయన స్వార్జితమని, మీ పెద్దన్నయ్య రఘునాథ్ గారు పొలాన్ని రికార్డుల్లో తన ఒక్కరి పేరుకు మార్చుకున్నారని మీరు చెప్పారు. ఆ ప్రకారం మీకు మూడో వంతు కోరుతూ దావా వేస్తాను. ముందు లీగల్ నోటీసు ఇస్తాను. తర్వాత ప్లెయింటు, అంటే కోర్టులో వేసే దావా పత్రం తయారీ, ఆస్తి అమ్మకుండా మధ్యంతర ఇంజంక్షన్ పిటిషను, సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు, ప్రాథమిక డిక్రీ వరకు నాదే బాధ్యత. మధ్యలో ఎవరైనా వీలునామా ఉందంటూ తెచ్చినా ఆ పోరాటం కూడా ఇదే దావాలో జరుగుతుంది, దానికి వేరే ఫీజు అడగను.

ఒక్క విషయం మాత్రం ఇప్పుడే గట్టిగా చెప్పాలి. ప్రాథమిక డిక్రీ వచ్చిన రోజున మీ చేతికి ఆస్తి రాదు. ఎవరికి ఎంత వాటా అనేది మాత్రమే ఆ డిక్రీ తేలుస్తుంది. కొలిచి, హద్దులు వేసి, మీ భాగం మీకు అప్పగించాలంటే తుది డిక్రీ కోసం మళ్లీ పిటిషను వేయాలి, అడ్వొకేట్ కమిషనర్ వచ్చి చూడాలి. ఆ దశ ఈ ఒప్పందంలో లేదు. అప్పీలు, మీ అన్నయ్య చేయించుకున్న పేరు మార్పు, అంటే ముటేషన్ రద్దు కోసం రెవెన్యూ ఆఫీసులో వేసే అర్జీలు, మీ అన్నయ్య మీద పోలీసు కంప్లయింటు కూడా ఇందులోకి రావు. కావాలంటే అప్పుడు విడిగా మాట్లాడుకుందాం.

ఇంత కాలంలో తేలుతుందని గానీ, గెలుస్తామని గానీ హామీ ఇవ్వను. రాజీ కుదిరే అవకాశం వస్తే మీకు చెబుతాను. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, మీ సంతకం లేకుండా ఏ రాజీ కాగితమూ కోర్టులో పెట్టను.

ఫీజు

మొత్తం 75,000 రూపాయలు. దావా దాఖలు చేసేటప్పుడు 25,000, మీ సాక్ష్యం మొదలయ్యే ముందు 30,000, వాదనలకు ముందు 20,000. వాయిదాకు ఇంత అని విడిగా తీసుకోను, కాబట్టి వాయిదాలు పెరిగినా ఫీజు పెరగదు. మామూలు వాయిదాలకు నా జూనియర్ వెళ్లవచ్చు, సాక్ష్యానికీ వాదనలకూ నేనే ఉంటాను. ప్రతి చెల్లింపుకూ రసీదు ఇస్తాను.

"గెలిచాక పొలంలో ఓ పాతిక సెంట్లు మీకు రాసిస్తాను, ఫీజు ఎందుకండీ" అని మీరన్నారు. ప్రేమతోనే అన్నారని తెలుసు. కానీ కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, దావా ఆస్తిలో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. గెలిచినా ఓడినా ఫీజు ఇదే.

ఖర్చులు

కోర్టు ఫీజు, సమన్లు అందించడానికి కట్టే బత్తా, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, సర్టిఫైడ్ కాపీలు, సాక్షుల ఖర్చులు మీవి. వీటిలో పెద్దది కోర్టు ఫీజు. ఆస్తి మీ ముగ్గురి ఉమ్మడి స్వాధీనంలో ఉందంటే ఒక లెక్క, మిమ్మల్ని బయటికి నెట్టేశారంటే మీ వాటా మార్కెట్ విలువ మీద మరో లెక్క, అది చాలా ఎక్కువ. ఫీజు తగ్గుతుంది కదా అని నిజం కాని మాట ప్లెయింటులో రాయను. ఇంటి తాళం ఎవరి దగ్గరుంది, కౌలు డబ్బు ఎవరు తీసుకుంటున్నారు, చివరిసారి మీకు వాటా ఎప్పుడిచ్చారు, ఇవన్నీ రాసి పంపండి. అవి చూసి ఎంత కట్టాలో చెబుతాను.

చిన్న ఖర్చులకు అడ్వాన్సుగా 10,000 ఇవ్వండి. ఇది ఫీజులో కలవదు. లెక్క, బిల్లులు మీకు చూపిస్తాను, మిగిలితే తిరిగిస్తాను. ఒకేసారి 3,000 దాటే ఖర్చు ఏదైనా ముందు మిమ్మల్ని అడిగాకే పెడతాను.

ప్రయోజనాల వైరుధ్యం

రెండు సంగతులు దాచకుండా చెప్పాలి.

2019లో మీ పెద్దన్నయ్య రఘునాథ్ గారికి ఒక షాపు అద్దె అగ్రిమెంటు రాసిచ్చాను. ఆ పని అక్కడితో అయిపోయింది. ఈ ఇల్లు, పొలం గురించి ఆయన నన్ను ఎన్నడూ సలహా అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నా దృష్టిలో ఇది మీ కేసుకు అడ్డం కాదు. అయినా మీ మనసులో ఏ మూలైనా సందేహం ఉంటే వేరే వకీలును చూసుకోండి, నేనేమీ అనుకోను.

రెండోది మీ తమ్ముడు సురేశ్ గారి సంగతి. "మేమిద్దరం ఒకటే, ఇద్దరి తరఫునా మీరే ఉండండి" అని ఆయన అడిగారు. ఉండలేను. మేడ మీద వాటా తన సొంత డబ్బుతో కట్టానని, అది పంపకంలోకి రాకూడదని ఆయన మీ ముందే అన్నారు. అది కూడా నాన్నగారి డబ్బేనని మీరంటున్నారు. ఇవాళ ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నా, సాక్ష్యం దగ్గరకు వచ్చేసరికి ఆ మేడ మీదే మాట తేడా వస్తుంది. అప్పుడు నేను ఎవరి పక్షాన ప్రశ్న అడగాలి? కాబట్టి నేను మీ ఒక్కరికే వకీలును. సురేశ్ గారు వేరే వకీలును పెట్టుకోవాలి, ఆ మాట ఆయనకు నేనే చెబుతాను. నాతో మాట్లాడేటప్పుడు ఇకపై ఒంటరిగా రండి. నేను పంపిన మెసేజీలు, డ్రాఫ్టులు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మీరు నాకు చెప్పింది నేను బయట పెట్టను, మీరే ఫార్వర్డ్ చేస్తే మాత్రం ఎవరూ ఆపలేరు.

కేసు నడుస్తుండగా ఇలాంటిది మరేదైనా బయటపడితే వెంటనే మీకు రాతలో తెలియజేస్తాను.

మీ వైపు నుంచి

ఒరిజినల్ దస్తావేజులు ఇస్తే జాబితా రాసి సంతకం చేసిస్తాను. మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితం కూడా నాకు చూపించండి. మీ పెద్దన్నయ్య మీతో ఎప్పుడైనా తెల్ల కాగితం మీదో స్టాంపు పేపరు మీదో సంతకం పెట్టించుకున్నారా? ఉంటే అది ఇప్పుడే తెలియాలి.

ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది

ప్రాథమిక డిక్రీ సర్టిఫైడ్ కాపీ మీ చేతికిచ్చిన రోజుతో ఈ పని ముగుస్తుంది. అప్పీలుకు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు. దేనికి వెళ్లాలో, ఆఖరి తేదీ ఏదో ఆ కాపీతో పాటు రాసిస్తాను.

మధ్యలో ఎప్పుడైనా మీరు నన్ను మార్చుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. అప్పటిదాకా చేసిన దశ వరకే ఫీజు. కొత్త వకీలుకు నో అబ్జెక్షన్ రాసిస్తాను. బాకీ ఉన్నా సరే మీ ఫైలు ఆపుకోను. ఫీజు బాకీకి ఫైలు పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.

నేను తప్పుకోవాలంటే తగిన కారణం ఉండాలి: అబద్ధపు సాక్ష్యం చెప్పించమని అడిగితే, కావలసిన కాగితాలు ఇవ్వకపోతే, పదేపదే చెప్పినా ఫీజు కట్టకపోతే. అప్పుడు కూడా ముందుగా రాతపూర్వకంగా తెలిపి, మరొకరిని చూసుకోవడానికి తగినంత టైమిచ్చి, కోర్టు అనుమతితోనే తప్పుకుంటాను. చేయని పనికి తీసుకున్న డబ్బు తిరిగిస్తాను.

ఇట్లు,
భాస్కర్, అడ్వొకేట్

క్లయింటు అంగీకారం

పై ఉత్తరం పూర్తిగా చదివాను, సందేహాలు అడిగి తెలుసుకున్నాను. రఘునాథ్ గారికి 2019లో చేసిన పని గురించి తెలిసే ఈ కేసు అప్పగిస్తున్నాను. ఒక ప్రతి నాకు అందింది.

సుజాత, 14 జనవరి 2026