ముప్పై నాలుగు కౌంట్

శనివారం సాయంత్రం నాలుగున్నరకి షెడ్యూల్ కామాక్షి టేబుల్ మీదికి వచ్చింది. ఐదున్నరకల్లా మేనేజర్ కావలిలో పెళ్లికి బయల్దేరాలి. ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీ కొడితే తప్ప బ్యాంకులోంచి రూపాయి కదలదు. ఆయన కారెక్కాడంటే ఇక సోమవారమే.

నెల్లూరు మినీ బైపాస్ రోడ్డులో రొయ్యలు కొని ప్లాంట్లకి పంపే కంపెనీ అది. శనివారం వచ్చిందంటే ఆ వారం పట్టుబడి ఇచ్చిన రైతులందరికీ ఒకేసారి డబ్బు వెయ్యాలి. షెడ్యూల్ అంటే పదిహేడు వరుసల ఎక్సెల్ కాగితం. రైతు పేరు, ఊరు, గుంట నంబరు, కిలోలు, కౌంట్, రేటు, మొత్తం, బ్యాంకు ఖాతా. చివరి రెండు వరుసలు లారీ బాడుగ, ఐసు ఫ్యాక్టరీ బిల్లు.

కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కౌంట్ కొడితే రేటు దానంతటదే వచ్చేస్తుంది, కిలోలతో గుణించి మొత్తం కూడా అదే వేసుకుంటుంది. ఆ షీటు తయారుచేసింది సీనియర్ అకౌంటెంట్ వెంకటరమణయ్య. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన వేసిన లెక్క తప్పిందని ఆ ఆఫీసులో ఎవరూ విని ఎరగరు, అన్న ధైర్యమూ ఎవరూ చెయ్యలేదు.

కామాక్షి చేరి నాలుగు నెలలయింది. ఆమె పని చిన్నది. పాస్‌బుక్ జెరాక్సులు పక్కన పెట్టుకుని ఖాతా నంబర్లు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు ఒక్కొక్కటే సరిచూసి, కింద 'సరిచూసినది' అన్న చోట పొట్టి సంతకం పెట్టడం. కౌంట్, రేటు ఆమెకి సంబంధం లేదు. ఆ మాట మొదటి రోజే చెప్పారు.

పదకొండో వరుస దగ్గర వేలు ఆగింది.

మాలకొండయ్య, విడవలూరు. రెండు గుంటలు. మొదటిది 1,980 కిలోలు, 35 కౌంట్. రెండోది 2,160 కిలోలు, 43 కౌంట్, రేటు 355, మొత్తం 7,66,800. ఖాతా నంబరు సరిగ్గానే ఉంది. గుణకారం సరిగ్గానే ఉంది. కింద కూడిక 41,36,400, అదీ సరిగ్గానే ఉంది.

ఒకే రోజు సీడ్ వేసిన గుంటలైనా ఒకదానికొకటి తేడా రావచ్చు. కామాక్షి నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్న మనిషి, ఏరేటర్ల చప్పుడు లేకపోతే ఆయనకి నిద్ర పట్టేది కాదు. పక్కపక్క గుంటల్లో ఒకటి నిండుగా వచ్చి రెండోది తేలిపోవడం ఆ పిల్ల చిన్నప్పటి నుంచి చూసిందే. ఆమెకి అనుమానం వచ్చింది కౌంట్ గురించి కాదు, మాలకొండయ్య గురించి.

బుధవారం పట్టుబడి అయింది. ఎనిమిది కౌంట్ తేడా వచ్చి ఉంటే, మాలకొండయ్య ఈపాటికి ఆఫీసు ల్యాండ్‌లైన్ కాల్చేసి ఉండాలి. కిందటిసారి క్రేట్లలో నీళ్లు వడకట్టలేదని, నాలుగు కిలోలు అన్యాయంగా కోశారని మూడు రోజులు ఫోన్ చేసిన మనిషి. ఫోన్ ఎత్తేది కామాక్షే. ఈ వారం ఆయన గొంతే వినపడలేదు.

కాటా చీటీలు ఇనప బీరువాలో, అట్ట ఫైల్లో ఉంటాయి. బుధవారం కట్ట తీసింది. గులాబీ రంగు కార్బన్ కాపీ, ఒక మూల తడిసి ఆరి గట్టిపడింది, ఇంకా నీచు వాసన కొడుతోంది. గుంట 2. శాంపిల్ మూడుసార్లు తీశారు. 33, 35, 34. సగటు 34 అని రాసి కింద గీత. ఒకవైపు కొనుగోలు సూపర్‌వైజర్ శీనయ్య సంతకం, ఇంకోవైపు వంకరటింకరగా 'మాలకొండయ్య'.

34. షీటులో 43.

ఆమె క్యాలిక్యులేటర్ తీసుకుంది. 34 కౌంట్‌కి ఆ రోజు రేటు 405. కిలోకి యాభై తేడా. 2,160 కిలోలకి లక్షా ఎనిమిది వేలు.

ఇప్పుడు టెన్షన్ మొదలైంది. తప్పు ఎక్కడుందో తెలిశాక పట్టిన టెన్షన్ అది. ఆ వరుస టైపు చేసింది వెంకటరమణయ్యే. 'తయారుచేసినది' అన్న చోట ఆయన సంతకం ఉంది. రైతుకి లక్ష తక్కువ పడిందంటే బయట వినేవాడికి అది టైపింగ్ పొరపాటులా ఉండదు. కౌంట్ దగ్గర కంపెనీలు ఏం చేస్తాయో గుంటల గట్ల మీద చెప్పుకునే కథలు కామాక్షికి కంఠతా వచ్చు. వాటిలో సగం నాన్న చెప్పినవే.

చీటీ పట్టుకుని ఆయన టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"సార్, పదకొండో వరుస ఒకసారి చూస్తారా?"

"ఖాతా తప్పా?"

"ఖాతా కాదు సార్. కౌంట్."

ఆయన తల ఎత్తలేదు. "కౌంట్ చూడమని నీకెవరు చెప్పారమ్మాయ్? టైమెంతయిందో చూశావా?"

"ఎవరూ చెప్పలేదు సార్."

చీటీని ఆయన కీబోర్డు పక్కన పెట్టింది. ఇంకేం మాట్లాడాలో తెలియక అక్కడే నిలబడింది. ఆయన చత్వారపు కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, చీటీ చూసి, స్క్రీన్ చూసి, మళ్లీ చీటీ చూశాడు. శీనయ్యకి ఫోన్ కొట్టాడు.

"ఏం శీనయ్యా, మాలకొండయ్య రెండో గుంట కౌంట్ ఎంత?"

అవతల నుంచి శీనయ్య గొంతు టేబుల్ ఇవతలికి కూడా వినపడింది. "ముప్పై నాలుగు. నా చేత్తో ఎంచినా. ఏంది, ఆయన మళ్లీ గొడవ పెట్టుకున్నాడా?"

"లేదులే." ఫోన్ పెట్టేసి, రెండు అంకెల మీదా వేలు ఆనించి, "తొమ్మిది" అన్నాడు వెంకటరమణయ్య, తనలో తాను.

చేరిన మొదటి వారం ఆయనే నేర్పాడు. కూడిక తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ముందు తారుమారైన అంకెల కోసం వెతకమని. 34, 43. 57, 75. 480, 840. దేన్ని తీసుకున్నా తేడాలో తొమ్మిది ఉంటుంది. కానీ ఆ కిటుకు కూడిక తేడా వచ్చినప్పుడు కదా. ఇక్కడ కూడిక పొందికగా ఉంది. తప్పు అంకెను నమ్ముకుని రేటు వచ్చింది, రేటును నమ్ముకుని మొత్తం వచ్చింది.

దిద్దడం అర నిమిషం పని. 43 చెరిపి 34 కొట్టగానే మొత్తం 8,74,800 అయింది. అడుగున కూడిక 42,44,400కి ఎగబాకింది. అసలు చిక్కు అక్కడ వచ్చింది.

"ఖాతాలో ఎంతుంది?" అడిగాడు ఆయన.

"నలభై ఒకటీ యాభై సార్. పొద్దున సార్ వేయించింది అంతే."

తొంభై నాలుగు వేల నాలుగు వందలు తక్కువ. శనివారం ఐదింటికి ఆ డబ్బు ఎక్కణ్ణించి తేవాలి? మాలకొండయ్యకి ఇప్పటికి పాత మొత్తం వేసి, మిగతాది సోమవారం వెయ్యొచ్చు. ఆయన ఆ మాట అనబోయి ఆగాడని కామాక్షికి తెలుస్తూనే ఉంది. పాత మొత్తం పడితే, దాని పక్కన 43 కౌంట్ అని స్టేట్‌మెంట్ వెళ్తుంది.

"ఐసు బిల్లు ఎంత?"

"తొంభై ఆరు వేల మూడు వందలు."

"తీసెయ్. వాళ్లకి సోమవారం నేను చెప్పుకుంటా. ఐసు ఎటూ కరిగిపోయిందిగా."

అది ఆయన హాస్యం. కామాక్షికి నవ్వాలో వద్దో తెలియలేదు. పదిహేడో వరుస తీసేసింది. 41,48,100. ఖాతాలో పంతొమ్మిది వందలు మిగిలాయి.

ఆయన మేనేజర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. అవతల ఎవరో పట్టుచీర ఇస్త్రీ గురించి అరుస్తున్నారు.

"సార్, టోటల్ కొంచెం మారింది. ఒక కౌంట్ తిరగబడింది, సరిచేశాం. ఐసు బిల్లు ఆపాను."

"ఎవరు కొట్టారయ్యా తప్పు? ఆ కొత్తపిల్లా?"

కామాక్షి ప్రింటర్ దగ్గర నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆఫీసులోనే సార్. పంపకముందే దొరికింది."

"జాగ్రత్తగా చెయ్యమను. అన్నీ నేనే చూసుకోలేను."

"అట్నే సార్."

ఆమె ఏమీ అనలేదు. మారిన షీటు ప్రింటు తీసింది. మార్పు జరిగితే వెనకాల సవరణ కాగితం ఒకటి జతచెయ్యాలి, అది కంపెనీ పద్ధతి. తెల్ల కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. 'వరుస 11. కౌంట్ 43 బదులు 34. ఆధారం: బుధవారం కాటా చీటీ. మొదటి నమోదు: వెంకటరమణయ్య. గమనించినది: కామాక్షి.' తారీఖు వేసి, గులాబీ చీటీ జెరాక్సు పిన్ను కొట్టి, ఆయన ముందు పెట్టింది.

ఆయన చదివాడు. నాలుగు ముక్కలే కాబట్టి అంతసేపు పట్టాల్సింది కాదు.

"ఈ పేర్లన్నీ అవసరమా?"

"మీరే చెప్పారు సార్. సవరణలో ఎవరు కొట్టారు, ఎవరు చూశారు రెండూ ఉండాలని."

బయట మేనేజర్ డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు. ఎప్పటి పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు. ఐదూ ఇరవైకి ఫైల్ బ్యాంకుకి వెళ్లింది, ఐదూ ఇరవై ఐదుకి ఓటీపీ పడింది.

సోమవారం పొద్దున పదింటికే ల్యాండ్‌లైన్ మోగింది.

"ఏంది పాపా, డబ్బులు పడినాయి. రెండో గుంటకి ముప్పై నాలుగు కౌంట్ వేసినారే!"

"అవునండీ."

"అదేందమ్మా, మా వాడు ముప్పై మూడని చెప్పినాడే! మొదటి శాంపిల్ ముప్పై మూడే వచ్చింది, నా కళ్లారా చూసినా. ఒక్క కౌంట్ అంటే మీకు లెక్కలేదు గానీ మాకెంత తేడా పడతాదో తెలుసా?"

పక్క టేబుల్ మీద వెంకటరమణయ్య వేలు కీబోర్డు మీద ఆగింది. కామాక్షి ఫైల్ తెరిచి గులాబీ చీటీ దగ్గరికి లాక్కుంది.

"ఉండండి, చీటీ చదువుతా. ముప్పై మూడు, ముప్పై ఐదు, ముప్పై నాలుగు. కింద మీ సంతకం ఉంది."

అవతల కాసేపు ఏరేటర్ల చప్పుడే వినపడింది.

"సరే, అది వదిలెయ్. మొదటి గుంట క్రేట్లు నీళ్లు వడవక ముందే కాటా ఎక్కించినారు గదా, దానికి ఎన్ని కిలోలు కోసినారు, అది చెప్పు."