వాటర్ ట్యాంకుల క్లీనింగ్: నవంబర్ 18, మంగళవారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు నీళ్లు రావు

తేదీ: 12-11-2025
ఎ, బి, సి బ్లాకుల్లోని ఓనర్లకు, అద్దెకు ఉంటున్నవారికి

నమస్కారం.

సెల్లార్‌లోని రెండు సంపులు, మూడు బ్లాకుల మీది ఓవర్‌హెడ్ ట్యాంకులు వచ్చే మంగళవారం కడిగిస్తున్నాం. ఈసారి మంజీరా, బోరు లైన్లు రెండూ ఒకేసారి ఆపుతున్నాం కాబట్టి బాత్రూముల్లోనే కాదు, వంటింటి నల్లాలోనూ నీళ్లు రావు. 17వ తేదీ కార్తీక సోమవారం, తెల్లవారుజామున తలస్నానాలు, పూజలు ఉంటాయి. అందుకే మర్నాటికి పెట్టాం.

ఆరు నెలలకోసారి చేసే పనే అయినా ఈసారి వాయిదా వేసే వీల్లేదు. మొన్న మూతలు తీసి చూస్తే మంజీరా సంపు గోడలకు చేత్తో గీస్తే ఊడి వచ్చేంత పాచి పట్టి ఉంది, అడుగున బురద పేరుకుంది. బి బ్లాక్ ట్యాంకు మూత ఒక మూల పగిలి, ఆ సందులోంచి పావురం ఈకలు లోపల పడ్డాయి. ఈకలు అప్పుడే తీయించి, మూత మీద తాత్కాలికంగా రేకు కప్పించాం. మంగళవారం కొత్త మూత బిగిస్తారు. మన పిల్లలు తాగే నీళ్లు ఇవి, ఒక్క రోజు ఇబ్బంది ఓర్చుకోమని అడుగుతున్నాను.

సోమవారం సాయంత్రం 6 నుంచి రాత్రి 9 వరకు మోటార్లు ఆపకుండా నడుపుతాం. కావలసిన నీళ్లు అప్పుడే పట్టుకోండి. మంగళవారం పొద్దున్నే అందరూ ఒక్కసారిగా నల్లాలు తిప్పితే ట్యాంకులు చూస్తుండగానే ఖాళీ అవుతాయి, ఐదో అంతస్తు వాళ్లకు బకెట్ కూడా నిండదు. ఒక్క రోజుకు సరిపడా పట్టుకుంటే చాలు, డ్రమ్ములు నింపొద్దు. వంటకు, తాగడానికి వేరుగా మూత పెట్టి దాచుకోండి. సంపుల్లో మిగిలే నీళ్లను డ్రైనేజీలో వదలకుండా చెట్లకు, సెల్లార్ కడగడానికి వాడుతున్నాం.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నల్లాలు కట్టేసి ఉంచండి. ఏప్రిల్‌లో క్లీనింగ్ రోజున ఒక ఫ్లాట్‌లో వంటింటి నల్లా తిప్పి చూసి, నీళ్లు రాకపోయేసరికి అలాగే వదిలి ఆఫీసుకు వెళ్లిపోయారు. సింక్ జాలీ మీద ప్లేటు బోర్లా పడి ఉంది. సాయంత్రం నీళ్లు వదిలాక సింక్ పొంగి, హాలంతా నిండి, కింది ఫ్లాట్ ఫాల్స్ సీలింగ్ తడిసి ఊడింది. ఇల్లు తాళం వేసి వెళ్లేవారు ఫ్లాట్ మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి. అది ఎక్కడుందో తెలియకపోతే మా ప్లంబర్ వచ్చి చూపిస్తాడు.

గీజర్లు, వాషింగ్ మెషీన్లు ఆ రోజంతా ఆఫ్‌లోనే ఉంచండి. గీజర్‌లో నీళ్లు లేనప్పుడు స్విచ్ వేస్తే కాయిల్ కాలిపోతుంది.

సంపులోకి మనిషిని దించే ముందు మూతలన్నీ తెరిచి, బ్లోయర్‌తో గాలి ఆడిస్తారు. లోపల ఊపిరాడక ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది కనుక నడుముకు తాడు కట్టుకున్నాకే దిగుతారు, పైన ఒక మనిషి ఎప్పుడూ కాపలా ఉంటాడు. ఈ విషయంలో తొందరపెట్టేది లేదు, పని ఆలస్యమైనా సరే. మూతలు తెరిచి ఉంటాయి కాబట్టి పిల్లల్ని సెల్లార్‌లోకి, టెర్రస్ మీదికి పంపొద్దు. సంపు పక్కన పార్క్ చేసే బండ్లు 7:30కల్లా తీసేయండి.

గోడలు రుద్ది, బురద తోడి, జెట్‌తో కడిగాక బ్లీచింగ్ ద్రావణం పట్టించి అరగంట ఉంచి మళ్లీ కడుగుతారు. తర్వాత నీళ్లు నింపి క్లోరిన్ పరీక్ష చేస్తాం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మరీ ఎక్కువ ఉంటే ఆ నీళ్లు వదలం, అందువల్ల 6 గంటలు కాస్తా 7 కావచ్చు. క్లీనింగ్‌కు ముందు, తర్వాత తీసిన ఫొటోలు వాట్సాప్ గ్రూప్‌లో పెడతాను.

నీళ్లు వచ్చాక మొదట బాత్రూమ్ నల్లా ఐదు నిమిషాలు వదలండి. గాలితో బుస్సుమంటూ, కాస్త మసకగా వస్తాయి, కంగారు పడొద్దు. వాటర్ ప్యూరిఫైయర్ లైన్ మాత్రం బుధవారం ఉదయం దాకా కట్టేసే ఉంచండి, మొదటి నీళ్లలోని మడ్డి, క్లోరిన్ ఫిల్టర్లను పాడుచేస్తాయి. బుధవారం కూడా నీళ్లు రంగుగా ఉన్నా, వాసన వచ్చినా వెంటనే చెప్పండి.

అత్యవసరానికి మెయిన్ గేటు దగ్గర 5,000 లీటర్ల ట్యాంకర్ ఉంటుంది, వాడకానికి మాత్రమే. తాగేందుకు 20 లీటర్ల క్యాన్లు సెక్యూరిటీ రూమ్‌లో ఉంచుతాం. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు, చంటిపిల్లలు, రోగులు ఉన్న ఇళ్లకు మా కుర్రాళ్లే నీళ్లు పైకి తెచ్చి ఇస్తారు. అలాంటి ఇల్లు మీదైనా, మీ పక్కదైనా సోమవారం మధ్యాహ్నంలోగా ఫ్లాట్ నంబరు చెప్పండి. దీనికి మొహమాటపడొద్దు. పనిమనుషులకు కూడా ముందే చెప్పి ఉంచండి.

మెయింటెనెన్స్ ఆఫీసు: ఎ బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్, ఇంటర్‌కామ్ 101. మంగళవారం ఉదయం 7 నుంచి పని ముగిసేదాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
ప్రాపర్టీ మేనేజర్
మియాపూర్, హైదరాబాద్