బొమ్మలు పోయిన మూడు కెపాసిటర్ లెక్కలు

నిన్న పంపిన ప్రాక్టీస్ పేపర్‌లో 7, 8, 9 లెక్కల పటాలు ఎగిరిపోయాయి. "పటంలో చూపిన విధంగా" అన్న ముక్క మాత్రం మిగిలింది. నా దగ్గర కూడా అసలు బొమ్మలు లేవు. అందుకే ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో మాటల్లో రాస్తున్నాను. చదువుతూ మీరే కాగితం మీద గీసుకోండి. శ్రేణి, సమాంతరం అనే మాటలు లెక్కల్లో కావాలనే వాడలేదు, అది తేల్చడమే మీ పని.

7వ లెక్క. ఒకే సైజు లోహపు పలకలు నాలుగు, ఒకదాని కింద ఒకటి అడ్డంగా ఉన్నాయి. పైనుంచి కిందికి 1, 2, 3, 4 అని నంబర్లు. ఒక్కో పలక వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, పక్కపక్క పలకల మధ్య దూరం 0.885 మిల్లీమీటర్లు, మధ్యలో గాలి. 1వ పలకనీ 3వ పలకనీ ఒక తీగతో కలిపారు. ఆ తీగ ఇంకెక్కడికీ వెళ్లదు. 30 వోల్టుల బ్యాటరీ ధన ధ్రువం 2వ పలకకి, రుణ ధ్రువం 4వ పలకకి. తుల్య కెపాసిటెన్స్ ఎంత? ఒక్కో పలక మీద నికర ఆవేశం ఎంత?

పలకలు దొంతరగా ఉన్నాయి కదా అని మూడు ఖాళీలనీ శ్రేణిలో కలిపేస్తే తప్పు. పలకలు ఎలా పేర్చారన్నది కాదు, ఏ పలక ఏ పలకతో ఒకే పొటెన్షియల్‌లో ఉందన్నది చూడాలి. ఒక్కో ఖాళీ ఒక కెపాసిటర్: C = ε₀A/d ప్రకారం 100 పికోఫారడ్లు. 1, 3 ఒకే తీగ మీద ఉన్నాయి కాబట్టి 1-2 ఖాళీ, 2-3 ఖాళీ రెండూ సమాంతరం, కలిపి 200. దానికి శ్రేణిలో 3-4 ఖాళీ, 100. తుల్య విలువ 200/3, అంటే సుమారు 66.7 పికోఫారడ్లు. బ్యాటరీ ఇచ్చే ఆవేశం 2 నానోకూలుంబ్‌లు. 2వ పలక మీద +2, దాని రెండు ముఖాల మీదా చెరో +1. 1వ పలక మీద −1. 3వ పలక పైముఖం −1, కిందిముఖం +2, నికరం +1. 4వ పలక మీద −2. సరిచూసుకోవాలంటే 1, 3 పలకల ఆవేశాలు కలపండి, సున్నా వస్తుంది. ఆ రెండూ బ్యాటరీని తాకలేదు, రాక తప్పదు.

8వ లెక్క. ఎ, బి అనే రెండు బిందువుల మధ్య 12 వోల్టుల సప్లై, ఎ వైపు ధన ధ్రువం. ఎ నుంచి ఎం కి 2 మైక్రోఫారడ్లు, ఎం నుంచి బి కి 6. ఎ నుంచి ఎన్ కి 3, ఎన్ నుంచి బి కి 9. ఎం, ఎన్‌ల మధ్య ఇంకో 5 మైక్రోఫారడ్లు. సప్లై నుంచి వచ్చే ఆవేశం ఎంత?

ఇది చూడగానే గుర్తుపట్టాల్సిన లెక్క. 2/6, 3/9 ఒకటే, బ్రిడ్జి బ్యాలెన్స్ అయింది. మధ్యలోని 5 మీద వోల్టేజి లేదు, తీసేయండి. ఒక దారి 1.5, ఇంకోటి 2.25, మొత్తం 3.75. ఆవేశం 45 మైక్రోకూలుంబ్‌లు.

9వ లెక్క దగ్గర నేనూ ఇరుక్కున్నాను. మిగిలిన వాక్యం ఇది: "80 వోల్టులకు చార్జ్ చేసిన 3 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను, 30 వోల్టులకు చార్జ్ చేసిన 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు, బ్యాటరీలు తీసేశాక, పటంలో చూపినట్లు కలిపారు. ఉమ్మడి పొటెన్షియల్ ఎంత?" ఏ పలక ఏ పలకకి తగిలిందో చెప్పకుండా దీనికి జవాబు లేదు. ధన పలకకి ధన పలక కలిపితే 240, 60 మైక్రోకూలుంబ్‌లు కూడి 300 అవుతాయి. దాన్ని 5తో భాగిస్తే 60 వోల్టులు. ధన పలకకి రుణ పలక తగిలితే 240లోంచి 60 పోయి 180 మిగులుతాయి, 36 వోల్టులు. శక్తి నష్టంలో తేడా ఇంకా పెద్దది: మొదటి పద్ధతిలో 10.5 మిల్లీజౌళ్లలో 1.5 పోతుంది, రెండోదాంట్లో 7.26.

అదృష్టం కొద్దీ కీ పేపర్ బతికే ఉంది. అందులో 9కి ఎదురుగా 36 అని ఉంది. అంటే పోయిన బొమ్మలో తీగలు అడ్డదిడ్డంగా, ధనం నుంచి రుణానికి వెళ్లాయన్నమాట. లెక్కలో ఈ వాక్యం చేర్చుకోండి: "మొదటి కెపాసిటర్ ధన పలకను రెండోదాని రుణ పలకకు, మొదటిదాని రుణ పలకను రెండోదాని ధన పలకకు కలిపారు." 60 వేసినవాళ్లకి కూడా ఈసారి మార్కులు ఇస్తాను, తప్పు వాళ్లది కాదు.